లారీ కింద తిరిగే బోలు గొట్టం

లారీ అడుగున గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా పొడవాటి ఉక్కు గొట్టం ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్నే ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. ఇంజన్ శక్తంతా దీని గుండానే చక్రాలకు చేరాలి. ఇంత మోత మోసే ఈ షాఫ్ట్ లోపలంతా ఖాళీ!

ఉదాహరణకు 90 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల గోడ, మీటరున్నర పొడవు ఉన్న గొట్టాన్ని తీసుకోవచ్చు. దాని మీదుగా 100 కిలోవాట్ల శక్తి వెళ్తోంది. చదును రోడ్డు మీద, టాప్ గేర్‌లో, షాఫ్ట్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే దాన్ని మెలిపెట్టే టార్క్ సుమారు 637 న్యూటన్ మీటర్లు. అదే లారీ ఘాట్ రోడ్డెక్కుతూ ఫస్ట్ గేర్‌లోకి వస్తే చుట్లు 250కి పడిపోతాయి. శక్తి మారలేదు, వేగం ఆరో వంతయింది. కాబట్టి టార్క్ ఆరు రెట్లై 3,820కి చేరుతుంది. షాఫ్ట్‌కు అసలు పరీక్ష నిదానంగా ఎక్కేటప్పుడే.

ఈ మెలికకు లోహపు పొరలు ఒకదాని మీద ఒకటి జారబోతాయి. ఆ జారుడును అడ్డుకుంటూ లోహంలో పుట్టే ఒత్తిడే షియర్ స్ట్రెస్. ఇది నడిమధ్యన సున్నా, బయటికి వెళ్లేకొద్దీ పెరుగుతూ పైతలం దగ్గర గరిష్ఠం. మన గొట్టంలో అది చదరపు మిల్లీమీటరుకు దాదాపు 86 న్యూటన్లు. అప్పుడు ఒక కొసతో పోలిస్తే రెండో కొస 2 డిగ్రీలు మెలి తిరుగుతుంది. బరువు తగ్గగానే తిరిగి యథాస్థితికి వస్తుంది.

అదే ఉక్కును, అంతే బరువుతో, అంతే పొడవున గట్టి కడ్డీగా పోస్తే? వ్యాసం 37 మిల్లీమీటర్లే వస్తుంది. అదే టార్క్‌కు ఒత్తిడి 380 దాటుతుంది. మెలి కోణం 22 డిగ్రీలని లెక్క తేలుతుంది, అదీ కడ్డీ అంతదాకా శాశ్వతంగా వంకరపోకుండా నిలిస్తేనే. కడ్డీ నడుమనున్న లోహం పెద్దగా పనిచేయదు. దాన్నే కేంద్రానికి దూరంగా జరిపితే మెలికను గట్టిగా అడ్డుకుంటుంది.

అలాగని గోడను కాగితంలా పలచన చేసి వ్యాసం పెంచుకుంటూ పోలేరు. ఒత్తిడి హద్దులోనే ఉన్నా పలచని గోడ ఏటవాలు ముడతలు పడి నలిగిపోతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు తగిలే కుదుపు కూడా పై లెక్కలోకి రాలేదు. అందుకే డిజైనర్లు హద్దుకు బాగా ఇవతలే ఆగుతారు.

మోత హద్దు దాటిందో లేదో షాపులో కంటితోనే పట్టుకోవచ్చు. కొత్త షాఫ్ట్ మీద నిలువునా రంగు గీత గీసి ఉంచితే, విప్పినప్పుడు అది నిటారుగా ఉండాలి. మరచుట్టులా వంపు తిరిగి ఉంటే లోహం ఇక వెనక్కి రాలేనంతగా మెలిపడినట్టే. ఆ షాఫ్ట్‌ను మళ్లీ బిగించకూడదు. గీత నిటారుగానే ఉన్నా, వెల్డింగ్ దగ్గర 45 డిగ్రీల ఏటవాలుగా సన్నని పగులు కనిపిస్తే అది మాటిమాటికీ మారే మోతతో లోహం అలిసిపోయిన గుర్తు.