ఢీకొనడానికి ఎన్ని సెకన్లు? అత్యవసర బ్రేకు వేసే లెక్క

కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున వెళుతోంది. ముందు 60 మీటర్ల దూరంలో లారీ ఆగి ఉంది. దూరాన్ని వేగంతో భాగిస్తే, ఢీకొనడానికి మిగిలింది 3 సెకన్లు. స్వయంచాలక అత్యవసర బ్రేకింగ్ వ్యవస్థ ఈ లెక్కనే నిరంతరం వేస్తూ ఉంటుంది.

రాడార్ తరంగాలు తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం, వాటి పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి వేగాల మధ్య తేడా తెలుస్తాయి. ఎదుట ఉన్నది వాహనమా, మనిషా అన్నది కెమెరా గుర్తిస్తుంది.

వ్యవధి సుమారు 2.5 సెకన్లకు తగ్గితే హెచ్చరిక మోగుతుంది. డ్రైవరు స్పందించకపోతే 1.5 సెకన్ల వద్ద పాక్షికంగా, 1 సెకను వద్ద పూర్తిగా బ్రేకులు పడతాయి. ఈ హద్దులు కారు మోడల్‌ను బట్టి మారతాయి.

పాక్షిక బ్రేకును పక్కన పెడితే, చివరి సెకనులో మిగిలే దూరం 20 మీటర్లు. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినా కారు ఆగడానికి 25 మీటర్లు కావాలి. కాబట్టి కారు లారీని ఢీకొంటుంది. అయితే అప్పటికి వేగం దాదాపు 32 కిలోమీటర్లకు పడిపోతుంది.

హెచ్చరిక మోగినప్పుడు మాత్రం దూరం 50 మీటర్లు ఉంటుంది. డ్రైవరు సెకనులోపు గట్టిగా బ్రేకు తొక్కితే, లారీకి 5 మీటర్ల ముందే కారు ఆగుతుంది.