సగం పోతే రెట్టింపు కావాలి

2008లో సెన్సెక్స్ 52 శాతం పడింది, 2009లో 81 శాతం లేచింది. సగటు తీస్తే ఏడాదికి 14 శాతం లాభం. కానీ 2007 చివర్లో లక్ష రూపాయలు సెన్సెక్స్ షేర్లలో పెట్టి కదలకుండా కూర్చున్నవారికి, డివిడెండ్లు పక్కన పెడితే, రెండేళ్లకు మిగిలింది సుమారు 86 వేలే.

ఎలాగంటే, మొదటి ఏడాది పోగా చేతిలో ఉన్నది 47,500. రెండో ఏడాది 81 శాతం లెక్కగట్టింది ఆ 47,500 మీదే, లక్ష మీద కాదు. వచ్చింది 38,500. శాతాలను కూడేటప్పుడు మనం మర్చిపోయేది ఇదే: పడినప్పుడు అసలు పెద్దది, లేచేటప్పుడు అసలు చిన్నది.

సరిగ్గా సగం పోయిందనుకోండి. మిగిలిన 50 వేలు మరో 50 వేలు సంపాదించి పెట్టాలి, అంటే నూటికి నూరు. పోయిన భాగాన్ని మిగిలిన భాగంతో భాగిస్తే కావలసిన లాభం తెలుస్తుంది. 10 శాతం పోతే 11 చాలు, 20కి 25. అక్కడిదాకా ఇబ్బంది లేదు. 60 పోతే 150 కావాలి, 80 పోతే 400!

శిఖరం నుంచి, మళ్లీ ఆ ఎత్తు అందుకునేలోపు తగిలిన అట్టడుగు దాకా జరిగిన పతనాన్ని డ్రాడౌన్ అంటారు. అలాంటి వాటిలో అన్నిటికన్నా లోతైనది మ్యాక్సిమమ్ డ్రాడౌన్. దీనికి క్యాలెండర్‌తో పనిలేదు. 2008 జనవరి 8న 20,873 దగ్గర ముగిసిన సెన్సెక్స్, 2009 మార్చి 9న 8,160కి దిగింది. అంటే పతనం 52 కాదు, 61 శాతం. కోలుకోవడానికి 156 శాతం కావాల్సొచ్చింది. పాత ముగింపు స్థాయిని దాటింది 2010 నవంబరులో.

సూచీ కాబట్టి అలా లేచింది. ఒక్క కంపెనీకి ఆ భరోసా లేదు. ఖాతాల మోసం బయటపడిన 2009 జనవరి 7న హైదరాబాద్‌కు చెందిన సత్యం షేరు ఒక్కరోజులో దాదాపు 179 రూపాయల నుంచి 40కి పడింది. పాత ధర రావాలంటే సుమారు 350 శాతం పెరగాలి. సెన్సెక్స్ మాత్రం సత్యాన్ని తీసేసి ఇంకో కంపెనీని పెట్టుకుని ముందుకు సాగింది. షేరు పట్టుకుని కూర్చున్న మదుపరికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

నెలనెలా సిప్ కట్టేవారి లెక్క వేరు. కింద ధరల్లో పడ్డ వాయిదాలకు అసలే తక్కువ, కాబట్టి వారి ఖాతా సూచీ కన్నా ముందే ఒడ్డున పడొచ్చు.

ఫండ్ వివరాల్లో ఈ అంకె కనిపిస్తే రెండు సంగతులు చూడాలి. నెలాఖరు ధరలతో కట్టారా, రోజువారీ ధరలతోనా? నెలాఖరువైతే నెల మధ్యలో తగిలిన అడుగు కనిపించకపోవచ్చు. రెండోది, ఫండ్ ఎప్పుడు పుట్టింది? 2020 ఏప్రిల్ తర్వాత మొదలైనదైతే 2008 పతనమే కాదు, కరోనా తొలినాళ్లలో సెన్సెక్స్ 38 శాతం పడిన పతనం కూడా దాని చరిత్రలో ఉండదు.