కుర్చీ మారాలి, గోడ మారకూడదు

వరండా ఫొటోలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. దాని బదులు చెక్క స్టూలు కనిపించాలి. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి బొమ్మల మోడల్‌తో ఈ పని చేయొచ్చు. కుర్చీ మీద బ్రష్ తిప్పి, మార్చాల్సిన మేరను మాస్క్‌గా గుర్తించి, ఏం కావాలో రాస్తే, మోడల్ అక్కడి వరకే కొత్తగా గీస్తుంది. దీన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు. తీరా చేస్తే, కొందరికి కుర్చీ కుర్చీలాగే మిగిలిపోతుంది. ఇంకొందరికి స్టూలు వస్తుంది గానీ, వేరే ఫొటోలోంచి కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. తెర మీద Denoising strength అని కనిపించే మీటను ఎక్కడ పెట్టారన్నదే చాలావరకు ఈ తేడాకు కారణం. అది 0 నుంచి 1 దాకా జరుగుతుంది.

మోడల్ పాత బొమ్మ మీద ముందు నాయిస్, అంటే అర్థంలేని చుక్కల మసక, కలుపుతుంది. తర్వాత మనం రాసిన మాటలకు తగ్గట్టు దాన్ని మెట్టుమెట్టుగా తొలగిస్తూ కొత్త బొమ్మను తేలుస్తుంది. ఎంత మసక కలపాలో ఈ అంకె చెబుతుంది. మొత్తం 20 మెట్లు పెట్టి అంకె 0.5 ఉంచితే, సాధారణంగా చివరి 10 మెట్లే నడుస్తాయి. మొదటి సగంలో జరగాల్సిన పెద్ద నిర్ణయాలను పాత బొమ్మే తీసేసుకున్నట్టు లెక్క.

ఏది ముందు చెరుగుతుంది, ఏది చివరిదాకా నిలుస్తుందన్నది ఇక్కడ అసలు సంగతి. రంగుల ముగ్గు మీద నీళ్లు చిలకరిస్తే సన్నగీతలు ముందు పోతాయి, రంగు నింపిన చోట్లు చాలాసేపు తెలుస్తూనే ఉంటాయి. నాయిస్ చేసే పనీ అలాంటిదే. గీతలు, మెరుపులు, గరుకుదనం తొందరగా మాయమవుతాయి. పెద్ద రంగు ముద్దలు, వెలుగునీడల అమరిక ఆఖరున పోతాయి.

అందుకే మన ఫొటోలో 0.4 దగ్గర వచ్చేది స్టూలు కాదు, చెక్క చారలు తేలిన ఎర్ర కుర్చీ. 0.6 దగ్గర ఆకారం కదులుతుంది గానీ చెక్కలో ఎర్రదనం, వెనక వీపు ఆన్చే పలక జాడ మిగులుతాయి. 0.75 నుంచి 0.85 మధ్య స్టూలు స్టూలుగా నిలబడుతుంది. ఈ అంకెలు మోడల్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి కాబట్టి, సీడ్ మార్చకుండా అంకె ఒక్కటే మారుస్తూ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. సీడ్ కూడా మారితే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

పరిసరాలు చెడకూడదని అంకె తగ్గించేవాళ్లు చాలామంది. అది పొరపాటు. మాస్క్ బయటి గోడను కాపాడేది మాస్కే. అంకె పెరిగితే దెబ్బతినేది మాస్క్ లోపల పడిన పరిసరాలు: కాళ్ల మధ్య కనిపించే గచ్చు, అంచున గోడ, కుర్చీ నీడ. సాధారణ మోడల్‌లో 1 దగ్గర ఇవన్నీ దాదాపు కొత్తగా ఊహించి గీసినవే. గచ్చు పలకల గీతలు అంచు దగ్గర కలవవు, వెలుగు వేరే వైపు నుంచి పడుతుంది. ఇన్‌పెయింటింగ్ కోసమే తర్ఫీదిచ్చిన మోడళ్లకు చుట్టూ ఉన్న బొమ్మను విడిగా అందిస్తారు. అందువల్ల అవి 1 దగ్గర కూడా చాలావరకు పొందికగా గీస్తాయి.

మాస్క్ ఆకారం కూడా అంతే ముఖ్యం. కుర్చీ అంచు వెంబడే బిగుతుగా గీస్తే, కుర్చీ ఆకారంలో ఉన్న ఖాళీని నింపడానికి మోడల్ స్టూలుకు వీపు పలక తగిలిస్తుంది. మాస్క్‌ను కాస్త వెడల్పుగా, నేల మీది నీడ కూడా లోపలికి వచ్చేలా గీయాలి. నీడను వదిలేస్తే స్టూలు కింద కుర్చీ నీడే మిగులుతుంది. Only masked ఎంచుకుంటే మోడల్ మాస్క్‌నూ దాని చుట్టూ కొద్ది మేరనూ మాత్రమే చూస్తుంది. Only masked padding విలువ 32 పిక్సెళ్లే ఉంటే పెద్ద ఫొటోలో గచ్చు గీతలు ఎటు పోతున్నాయో దానికి అందదు. దాన్ని పెంచితే, అంకె ముట్టుకోకుండానే అతుకు చాలాసార్లు కుదురుతుంది.

రంగు మొండికేస్తే ఇంకో దారి ఉంది. ఏదైనా ఫొటో ఎడిటర్‌లో కుర్చీ మీద స్టూలు మేరకు గోధుమరంగు, మిగతా చోట గోడ రంగు, గచ్చు రంగు మోటుగా పులిమి, తర్వాత ఇన్‌పెయింట్ చేయాలి. చివరిదాకా నిలిచే రంగు ముద్దలు ఇప్పుడు మనకు కావలసినవే కాబట్టి 0.6 లోపే పని జరగొచ్చు. అంకె తగ్గినందువల్ల వెలుగు దిశ కూడా నిలుస్తుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇదే.

అంచున సన్నటి అతుకు ఇంకా కనిపిస్తే, అతుకు వెంబడి మాత్రమే పట్టీలా మాస్క్ గీసి 0.3 దగ్గర మరోసారి నడపాలి. అక్కడ ఆకారం మారదు, గరుకుదనం మాత్రమే కలిసిపోతుంది. చివరగా పాత, కొత్త ఫొటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చిమార్చి చూడాలి. మాస్క్‌కు దూరంగా ఉన్న మొహాలో అక్షరాలో కదిలినట్టు కనిపిస్తే తప్పు ఈ అంకెది కాదు. మోడల్ ఫొటోను కుదించిన రూపంలోకి మార్చి తిరిగి విప్పేటప్పుడు ఆ చిన్న మార్పులు వస్తాయి. అప్పుడు మాస్క్ లోపలి భాగాన్ని మాత్రమే తీసుకుని అసలు ఫొటో మీద అతికించాలి.