మోటరుకు బల్బు వేషం

నోడ్‌ఎంసీయూ బోర్డు, ఒక రిలే, కాస్త ప్రోగ్రాం. మిద్దె మీది ట్యాంకు నింపే మోటరును ఫోన్‌లోంచి వేసి ఆపే పరికరం ఇంట్లోనే చేసుకోవడానికి ఇవి చాలు. చిక్కల్లా ఏమిటంటే, హాల్లో కూర్చున్న అలెక్సా స్పీకరుకు అలాంటి పరికరం ఒకటి ఉందనే తెలియదు. పద్ధతి ప్రకారం పరిచయం చేయాలంటే అమెజాన్ దగ్గర డెవలపర్‌గా నమోదై, స్కిల్ రాసి, ఇంటర్నెట్‌లో దాని వెనక నడిచే ప్రోగ్రాం పెట్టాలి. ఒక్క మోటరు కోసం ఇంత తతంగమా?

అడ్డదారి ఒకటుంది. ఫిలిప్స్ కంపెనీ 2012లో హ్యూ అనే స్మార్ట్ బల్బులు తెచ్చింది. వాటికి బ్రిడ్జి అనే చిన్న పెట్టె ఉంటుంది. రౌటరుకు తగిలిస్తే ఇంట్లోని బల్బులన్నిటి తరఫునా అదే జవాబు చెబుతుంది. ఎకో స్పీకరుకు ఆ పెట్టెతో ఇంటి నెట్‌వర్క్‌లోనే నేరుగా మాట్లాడటం వచ్చు. అందుకని ఒక రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు "నేనే హ్యూ బ్రిడ్జిని, నా దగ్గర Tank Motor అనే బల్బుంది" అంటే స్పీకరు నమ్మేస్తుంది. హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వేషం సిద్ధంగానే ఉంది. దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో రాయాల్సింది ఇది:

```yaml
emulated_hue:
  host_ip: 192.168.1.10
  listen_port: 80
  expose_by_default: false
  entities:
    switch.tank_motor:
      name: "Tank Motor"
      hidden: false
```

అందులోని అంకెల చిరునామా రాస్ప్‌బెర్రీ పైది. రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి అది మారకుండా ఖాయం చేసుకోవాలి. పోర్టు 80నే ఉంచండి, స్పీకరు చూసేది అక్కడే.

కొత్త పరికరాలు వెతకమన్నప్పుడు స్పీకరు 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకు ఒక కేక వేస్తుంది. బ్రిడ్జి వేషంలో ఉన్నది పలికి, తన వివరాల పేజీ ఎక్కడుందో చెబుతుంది. ఆ తర్వాత మనం మోటరు వేయమంటే స్పీకరు బ్రిడ్జికి చెబుతుంది. బ్రిడ్జి ఆ మాటను ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతిలో బోర్డుకు చేరవేస్తుంది.

ఎంత వెతికినా పరికరం దొరక్కపోతే ఫోన్ బ్రౌజరులో http://192.168.1.10/description.xml తెరిచి చూడండి. పేజీ రాకపోతే లోపం రాస్ప్‌బెర్రీ పైలోనే ఉంది, బహుశా 80ని ఇంకో ప్రోగ్రాం ఆక్రమించి ఉంటుంది. పేజీ వచ్చినా స్పీకరుకు దొరకలేదంటే ఆ కేక బ్రిడ్జి దాకా చేరడం లేదన్నమాట. సాధారణంగా స్పీకరు గెస్ట్ వైఫైలో ఉండటమే కారణం.

ఇంకో రకం తంటా ఉంది. మోటరు తిరుగుతూనే ఉంటుంది, అలెక్సా మాత్రం పరికరం స్పందించడం లేదంటుంది. బల్బు వెలిగాక బ్రిడ్జి "వెలిగింది" అని చెప్పాలని స్పీకరు ఎదురుచూస్తుంది. మన బోర్డు రిలే వేసి ఊరుకుంటే ఆ కబురు వెళ్లదు. రిలే మారిన ప్రతిసారీ బోర్డు తన స్థితిని ON అనో OFF అనో తిరిగి పంపేలా ప్రోగ్రాంలో ఒక వరుస చేరిస్తే ఆ ఫిర్యాదు ఆగిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. అలెక్సా లెక్కలో ఇది దీపం. యాప్‌లో దీన్ని హాలు గ్రూపులో చేర్చారో, పిల్లలు "టర్న్ ఆన్ ద లైట్స్" అన్నప్పుడల్లా మోటరూ లేస్తుంది. ఏ గ్రూపులోనూ చేర్చకండి. బల్బు రాత్రంతా వెలిగితే బిల్లు పెరుగుతుంది. మోటరు నీళ్లు లేకుండా తిరిగితే కాలిపోతుంది. అందుకే ఇరవై నిమిషాలకో, మీ ట్యాంకు నిండే సమయానికో దానంతటది ఆగే ఏర్పాటు ఉండాలి. అది రాస్ప్‌బెర్రీ పైలో కాదు, బోర్డు ప్రోగ్రాంలోనే ఉండాలి. వైఫై పోయిన వేళ "ఆపు" అన్న సందేశం రాదు గదా!

కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా బోర్డు మోటరును ఆపి ఉంచే స్థితిలోనే లేవాలి. ఎంక్యూటీటీలో ఆదేశానికి retain పెడితే పాత ON సందేశం నిలవ ఉండిపోయి, బోర్డు లేవగానే మళ్లీ అందుతుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చి మోటరు దానంతటది మొదలైందంటే ముందు చూడాల్సింది అదే.

రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉందని మోటరును నేరుగా దానికి కలపకూడదు. మోటరు లేచే క్షణంలో మామూలుకు కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, రిలే లోపలి కొసలు అతుక్కుపోతాయి. అప్పుడిక ఆపమన్నా ఆగదు. రిలేతో కాంటాక్టరును నడిపి, కాంటాక్టరుతో మోటరును నడపాలి. ఆ వైరింగు ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

ఇంతా చేసి, మన గొంతును అర్థం చేసుకునే పని మాత్రం ఇంట్లో జరగదు, అమెజాన్ సర్వర్లలో జరుగుతుంది. నెట్ లేని పూట అలెక్సా మూగే. రౌటరు పనిచేస్తున్నంత వరకు ఫోన్‌లో హోమ్ అసిస్టెంట్ తెరిచి మోటరు వేసుకోవచ్చు. అదీ లేకపోతే గోడ మీది పాత స్టార్టరు ఉంది, దాన్ని పీకేయనివ్వకండి.