హుక్కు తీయండి, తీయకండి

సెల్ టవర్ ఎక్కే రిగ్గర్ ఒంటి మీద భుజాలను, ఛాతీని, తొడలను చుట్టుకునే పట్టీల బెల్టు ఉంటుంది. వీపు మీది రింగు నుంచి ఒక తాడు బయల్దేరి, కాస్త దూరం పోయాక రెండు పాయలవుతుంది. ఒక్కో పాయ చివర ఒక పెద్ద హుక్కు. ఎక్కేవాడు ఒక హుక్కును తలకంటే పైనున్న యాంగిల్‌కి తగిలించి రెండడుగులు పైకి పోతాడు, రెండో హుక్కును ఇంకా పైన తగిలిస్తాడు, అప్పుడు కిందది విప్పుకుంటాడు. 40 మీటర్ల టవర్ అయితే పైదాకా ఇదే వరస. ఏ క్షణాన చూసినా కనీసం ఒక హుక్కు ఇనుముని పట్టుకుని ఉండాలి.

ఈ వరసను చెప్పే నియమాల పుస్తకం చాలా చోట్ల ఇంగ్లీషులో పుడుతుంది, ఆ తర్వాత తెలుగులోకి వస్తుంది. తెలుగులో తరచుగా ఇలా తేలుతుంది: “రెండవ హుక్కు తగిలించబడనంత వరకు మొదటి హుక్కు విప్పబడరాదు.” వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ చదివినవాడు ముందు ఏం చేయాలో తెలుసుకోవడానికి వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి, లేనిదాన్ని కాదనుకుని అసలు సంగతికి రావాలి. అదే మాటను “ముందు పై హుక్కు తగిలించండి. లాగి చూడండి. తర్వాతే కింది హుక్కు విప్పండి” అని మూడు ముక్కలు చేస్తే, చేతులు కదిలే క్రమమూ మాటలు వచ్చే క్రమమూ ఒకటవుతాయి. ఇంగ్లీషులో లేని “లాగి చూడండి” ఎందుకు చేర్చారని ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు. హుక్కు నోరు పూర్తిగా మూసుకోకపోయినా చూపుకి మూసుకున్నట్టే ఉండొచ్చు, లాగితేనే తెలుస్తుంది. మూలంలో అది వేరే పేజీలో, పరికరాల తనిఖీ కింద ఉంటుంది. ఎక్కేవాడికి అది అవసరమయ్యేది ఇక్కడ.

కాగితం మీది మాట సంగతి అది. గాలిలో మాట సంగతి వేరు. కింద నిలబడ్డ మనిషి పైవాడికి వాకీటాకీలోనో, అరిచో చెబుతాడు. “తీయండి” అన్న మాటకూ “తీయకండి” అన్న మాటకూ మధ్య తేడా ఒక్క “క”. “విప్పు” అన్నదానికి “విప్పొద్దు” వ్యతిరేకం, కానీ ఆ వ్యతిరేకమంతా చివరి అక్షరాల్లోనే ఉంది. వాకీటాకీ బటన్ మీద వేలు కాస్త తొందరగా వదిలితే తెగిపోయేది సరిగ్గా ఆ చివరే. “విప్పొద్దు” అని పంపింది పైన “విప్పు” అని దిగుతుంది. వద్దనే మాటను మన భాష క్రియ తోకలో పెడుతుంది కాబట్టి ఇంగ్లీషు పుస్తకం రాసినవారికి ఈ ఇబ్బంది తట్టే అవకాశం లేదు. అనువదించేవారే పట్టుకోవాలి.

అందుకే టవర్ మీద పిలుపులకు వ్యతిరేక రూపాలు అసలు వాడకూడదని నా అభిప్రాయం. ఆపాలంటే “ఆగు” అనాలి. “కదలొద్దు”, “తీయొద్దు” అనే మాటలు ఆ జాబితాలోనే ఉండకూడదు. “ఆగు” మొదటి సగమే వినపడినా దాన్ని ఇంకో ఆజ్ఞగా పొరబడడానికి వీల్లేదు. పైవాడు విన్న మాటను తిరిగి చెప్పాలి, అది విన్నాకే కిందివాడు సరే అనాలి. మర్యాద పోతుందని కొందరు సూపర్‌వైజర్లు వెనకాడతారు. కాగితం మీద “అండి” ఉండనివ్వండి, అక్కడ అక్షరం తెగదు. వాకీటాకీలో “అన్నా, ఆగు” చాలు.

ఇక బెల్టు. దీని ఇంగ్లీషు పేరుకు నిఘంటువులు చూసి “పతన నిరోధక కవచం” లాంటి మాటలు కట్టినవాళ్లున్నారు. ఎవరూ వాటిని పలకరు. రిగ్గర్లకు అది బెల్టే, అలాగే రాయాలి. చిక్కల్లా ఆ ఒక్క మాట కింద రెండు పనులు కలిసిపోవడం. నడుముకి రెండు పక్కల ఉండే రింగుల్లో ఒక పొట్టి తాడు వేసి, దాన్ని టవర్ కాలు చుట్టూ తిప్పి, వెనక్కి ఆనుకుని రెండు చేతులతో పని చేస్తారు. ఆ తాడు మనిషిని నిలబెడుతుందే గానీ, పడేవాణ్ని పట్టదు. పడితే బరువంతా నడుము మీద, పొట్ట మీద పడుతుంది. ఉత్త నడుము బెల్టును పడేవాణ్ని ఆపడానికి వాడకూడదని అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1998 జనవరి నుంచి నిర్మాణ పనుల్లో నిషేధించింది కూడా. నడుము తాడు వేసుకున్నాక “ఇక కట్టుకున్నానుగా” అనుకుని రెండు హుక్కులూ తీసేయడం ఇక్కడ జరిగే పొరపాటు. “బెల్టు ఎల్లప్పుడూ కట్టి ఉంచవలెను” అనే తెలుగు వాక్యం ఆ పొరపాటుని తప్పని కూడా అనదు. “నిలబెట్టే తాడు”, “పట్టే తాడు” అని పనిని బట్టి రెండు పేర్లు పెట్టి, “నిలబెట్టే తాడు వేసుకున్నా పట్టే తాడు హుక్కు తగిలే ఉండాలి” అంటే సరిపోతుంది.

పట్టే తాడు కూడా ఊరికే పట్టదు. పడ్డ మనిషిని తాడు ఒక్కసారిగా ఆపితే ఆ కుదుపే ఒళ్లు విరగ్గొడుతుంది. అందుకే తాడుకి ఒక చిన్న సంచి ఉంటుంది, లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ. మనిషి పడ్డప్పుడు కుట్లు వరసగా తెగుతూ పట్టీ సాగుతుంది, కుదుపు తగ్గుతుంది. మనిషి ఒంటి మీద పడే బలం ఆరు కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువంత, దాటకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 355 చెబుతుంది. దానికి బదులుగా పట్టీ 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. ప్రాణం కాపాడే ఆ సాగుడే కింద ఖాళీ లేకపోతే ప్రాణం తీస్తుంది.

ఇంగ్లీషులో దీనికి ఒక పొడి వాక్యం ఉంటుంది, తెలుగులో అది “కింద తగినంత ఖాళీ ఉండునట్లు చూసుకొనవలెను” అవుతుంది. తగినంత అంటే ఎంత? లెక్క వేసి చూద్దాం. సంచితో కలిపి రెండు మీటర్ల తాడు. ఒక రిగ్గర్ భూమికి 5 మీటర్ల ఎత్తున నిలబడి, వంగి, తన పాదాల దగ్గరి యాంగిల్‌కి హుక్కు తగిలించాడు. జారాడు. వీపు రింగు పాదాలకంటే మీటరున్నర పైన ఉంటుంది కాబట్టి, తాడు బిగుసుకునేలోగా అతను మూడున్నర మీటర్లు ఊరికే పడతాడు. ఇప్పుడు రింగు హుక్కుకి 2 మీటర్ల కింద ఉంది. సంచి విప్పుకుంటే ఇంకో 1.75. రింగు నుంచి పాదాల దాకా ఒకటిన్నర. మొత్తం హుక్కు నుంచి 5.25 మీటర్ల కిందికి పాదాలు చేరతాయి. హుక్కు ఉన్నదే 5 మీటర్ల ఎత్తులో. అంటే పరికరమంతా సక్రమంగా పని చేస్తుండగానే మనిషి నేలకు తగులుతాడు.

అదే మనిషి, అదే చోట, హుక్కును తలపైన, పాదాలకు 2 మీటర్ల ఎత్తున తగిలించాడనుకోండి. హుక్కు ఇప్పుడు 7 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరికే పడేది ఒకటిన్నర మీటరే. సంచి పూర్తిగా విప్పుకున్నా పాదాలకూ నేలకూ మధ్య 1.75 మీటర్లు మిగులుతుంది. నిజానికి పడిన దూరం తక్కువ కాబట్టి సంచి అంత విప్పుకోదు.

బెల్టు సాగుడుకీ మరే తేడాకీ ఒక మీటరు అదనంగా కలిపి, హుక్కు కింద 6.25 మీటర్ల ఖాళీ కావాలని లెక్క. సుమారు 20 అడుగులు. రెండంతస్తుల ఇల్లు పట్టే ఖాళీ అంటే ఎక్కేవాడికి కంటితో కొలుచుకునే కొలత దొరుకుతుంది. టవర్ మీద ఖాళీ అంటే నేల వరకు అని కూడా కాదు. మధ్యలో ప్లాట్‌ఫాం ఉన్నా, అడ్డంగా యాంగిల్ ఉన్నా అదే ముందు తగులుతుంది. కాబట్టి కార్డు మీద రాయాల్సింది ఇది: “హుక్కు ఎప్పుడూ తలపైన. హుక్కు కింద రెండంతస్తుల ఖాళీ. మొదటి 20 అడుగుల్లో ఈ తాడుని నమ్ముకోకండి.” అక్కడ పైనుంచి వేలాడే నిలువు తాడు మీద జారుతూ, పడగానే కరిచి పట్టే పరికరం వాడాలి. అది చాలా తక్కువ దూరంలో ఆపుతుంది.

ఇంకో చిక్కు చిన్నగా కనిపిస్తుంది. ఒక హుక్కు ఇనుముకి తగిలి ఉన్నప్పుడు రెండోది ఖాళీగా వేలాడి కాళ్లకు అడ్డుపడుతుంది. దాన్ని బెల్టు పక్క రింగుకు తగిలించుకోవడం అందరికీ అలవాటు. అలా చేస్తే పడ్డప్పుడు బరువు సంచి మీద కాకుండా ఆ ఖాళీ పాయ గుండా పక్క రింగుకు పోయే వీలుంది. సంచి విప్పుకోదు, కుదుపు మొత్తం ఒంటికి తగులుతుంది. ఖాళీ హుక్కు పెట్టుకోవడానికి బెల్టు మీద వేరే చిన్న వలయం ఉంటుంది, గట్టిగా లాగితే ఊడిపోయేలా చేస్తారు. ఇంగ్లీషులో తాడు పాయనూ, టవర్ స్తంభాన్నీ, తొడ పట్టీనీ కూడా కాలు అనే మాటతోనే చెబుతారు. చూసుకోకపోతే తెలుగులో “వాడని కాలును బెల్టుకు తగిలించరాదు” అని అచ్చవుతుంది. “ఖాళీ హుక్కును ఊడే వలయానికే పెట్టండి, ఇనుప రింగుకి పెట్టకండి” అంటే అయోమయం లేదు.

పడ్డ తర్వాత సంగతి కూడా నియమాల్లోనే ఉండాలి. బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. “అత్యవసర సేవలకు తెలియజేయండి” అనే వాక్యం అక్కడ సగమే పనికొస్తుంది. 108కి ఫోన్ చేయాలి, సరే, కానీ అంబులెన్స్ సిబ్బంది టవర్ ఎక్కరు. దింపాల్సింది అక్కడే ఉన్న రెండో రిగ్గర్. కాబట్టి “పని మొదలుపెట్టే ముందు: దింపే మనిషి ఎవరు? పేరు రాయండి. దింపే తాడు ఎక్కడుంది?” అని ప్రశ్నలుగా రాస్తే మంచిది. పేరు రాయాల్సిన ఖాళీ గీత ఉంటే దాన్ని దాటేసి ఎక్కడం కష్టం. స్పృహలో ఉంటే కాళ్లు ఆడిస్తూ ఉండమని పైవాడికి చెప్పాలి. ఆ తాడు ఇక పనికిరాదనీ చెప్పాలి. “ఒకసారి ఉపయోగించిన తరువాత పారవేయవలెను” అని రాస్తే ఒక్క రోజు ఎక్కి దిగాక పారేయాలా అని సందేహం వస్తుంది, లేదంటే నవ్వుకుని వదిలేస్తారు. “ఒక్కసారి మనిషి పడినా, సంచి కుట్లు తెగినా ఆ తాడు కోసి పక్కన పెట్టండి” అంటే తేడా తెలుస్తుంది.

అనువాదం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి కొందరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి పోల్చి చూస్తారు. దానివల్ల అర్థం తప్పులు దొరుకుతాయి, చేతి తప్పులు దొరకవు. “విప్పబడరాదు” వాక్యం ఇంగ్లీషులోకి చక్కగా తిరిగొస్తుంది. మేలైన పరీక్ష ఇంకొకటి. ఈ పనిలో కొత్తగా చేరిన ఒకరికి కార్డు ఇచ్చి, నిచ్చెన మీద మనిషెత్తు మించకుండా, పైనుంచి వేరే రక్షణ తాడు కట్టి, ఏమీ వివరించకుండా “ఇందులో ఉన్నట్టు చేయండి” అనడం. చదవడం రాని వారుంటే పక్కవాడు చదివి వినిపించాలి, ఎందుకంటే నిజంగా జరిగేదీ అదే. చూడాల్సింది అతని చేతుల్ని. ఎక్కడ ఆగాడో, ఎక్కడ అటూ ఇటూ చూశాడో ఆ వాక్యం తిరగరాయాలి. బొమ్మలకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. తప్పు పద్ధతిని పెద్ద బొమ్మగా వేసి మూలన చిన్న ఇంటూ గుర్తు పెడితే, చాలామంది బొమ్మను చూసి అదే చేయాలనుకుంటారు.

ఒకసారి తేల్చిన కార్డు ఎల్లకాలం ఉండదు. రెండు మీటర్ల తాడుకు బదులు పొట్టి తాడో, వేరే సంచో వస్తే 6.25 అనే అంకె మారిపోతుంది. ఎంత ఖాళీ కావాలో తయారీదారు సూచనల్లో, చాలాసార్లు తాడు లేబుల్ మీదే ఉంటుంది, చాలా చిన్న అక్షరాల్లో. కొత్త తాడు స్టోర్‌లోకి వచ్చిన రోజునే ఆ అంకె చూసి, పాత కార్డులన్నీ వెనక్కి తీసుకుని, కొత్తది అచ్చు వేయించి పంచాలి.