వెంకట లక్ష్మిని ఇంగ్లీషులో ఎలా రాయాలి?

డాలస్‌లో స్థిరపడిన ఒక కొడుకు, అమెరికా పౌరసత్వం వచ్చాక, తల్లిని గ్రీన్‌కార్డు మీద తన దగ్గరికి తెచ్చుకోవాలనుకున్నాడని అనుకుందాం. ఐ-130 దరఖాస్తుతో పాటు అతను పెట్టాల్సింది తల్లి జనన ధ్రువపత్రం కాదు, తనది. ఈవిడే తన తల్లి అని చెప్పేది ఆ కాగితమే మరి. అతను 1979లో రేపల్లె దగ్గర ఒక ఊళ్లో పుట్టాడు. ఇంట్లో ఉన్న పత్రం చేత్తో తెలుగులో నింపినది. కింద ఒక సంతకం, దాని మీద సగమే పడిన గుండ్రటి ముద్ర. వెనక్కి తిప్పితే కోర్టు ఫీ స్టాంపు, దాన్ని రద్దు చేస్తూ కొట్టిన మరో ముద్ర, ఎవరో సిరాతో వేసిన తేదీ.

ఇప్పుడు మునిసిపాలిటీలు, పంచాయతీలు ఇచ్చే పత్రాలు చాలావరకు తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ ఉంటున్నాయి. వాటితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా ఇలాంటి పాత కాగితాలతోనే.

ఇంగ్లీషులో లేని ఏ పత్రానికైనా పూర్తి అనువాదం జత చేయాలన్నది అమెరికా ఇమిగ్రేషన్ శాఖ నియమం. సారాంశం చాలదు. ఈ అనువాదం సంపూర్ణమైనది, సరైనది అనీ, ఈ రెండు భాషలూ తనకు బాగా వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి. పేరు, చిరునామా, తేదీ వేయాలి. అంతే. నోటరీ చేయించాలని ఆ నియమంలో లేదు. అయినా మన దగ్గర చాలామంది నోటరీ ముద్ర ఉంటే చాలనుకుంటారు. తన ఎదుట ఫలానా మనిషి సంతకం పెట్టాడని మాత్రమే నోటరీ చెబుతాడు, అనువాదం సరిగా ఉందని చెప్పడు. అనువాదకుడి ధ్రువీకరణ లేకుండా నోటరీ ముద్ర ఒక్కటే ఉంటే ఆ పత్రాన్ని వెనక్కి పంపే అవకాశం ఉంది. కెనడా దారి వేరు. దరఖాస్తుదారు గానీ వాళ్ల కుటుంబ సభ్యులు గానీ చేసిన అనువాదాన్ని అక్కడ ఒప్పుకోరు. ముద్రలు, స్టాంపుల మీది అక్షరాలను కూడా అనువదించాలని స్పష్టంగా అడుగుతారు. ఏ దేశానికి పంపుతున్నామో ముందే తేల్చుకుని ఆ దేశపు నియమం చదువుకోవడం మేలు.

రేపల్లె కాగితం దగ్గరికి వద్దాం. తల్లి పేరు దగ్గర 'వెంకట లక్ష్మి' అని ఉంది. ఆవిడ పాస్‌పోర్టులో Venkata Laxmi అని ఉంది. అనువాదకుడు తన అలవాటు కొద్దీ Lakshmi అని రాస్తే, తెలుగు రాని అధికారికి ఆ రెండూ రెండు పేర్లుగా కనిపిస్తాయి. ఇక్కడ పాస్‌పోర్టు స్పెల్లింగే వాడాలి. మూలంలో ఉన్నవి తెలుగు అక్షరాలు. వాటిని ఇంగ్లీషులో ఎలా రాసినా ఉచ్చారణ అదే కాబట్టి, పాస్‌పోర్టును అనుసరించడం మూలాన్ని మార్చినట్టు కాదు. అందుకే కాగితంతో పాటు పాస్‌పోర్టు జిరాక్సు కూడా అనువాదకుడికి ఇవ్వాలి. చాలామంది ఇవ్వరు.

కానీ అదే గడిలో 'వెంకమ్మ' అని ఉంటే? ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు, రిజిస్టరు రాసినాయన అదే రాసుకున్నాడు. అప్పుడది స్పెల్లింగు తేడా కాదు, వేరే పేరు. దాన్ని వెంకట లక్ష్మిగా దిద్దే హక్కు అనువాదకుడికి లేదు. 'కె. వెంకట లక్ష్మి' అని పొడి అక్షరంతో ఉంటే, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉన్నా సరే, అనువాదంలో పొడి అక్షరమే ఉండాలి. పెళ్లి పత్రంలో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉండడం మన దగ్గర మామూలే. అక్కడా పత్రంలో ఉన్నదే రాయాలి. ఆ రెండు పేర్లకూ ముడి వేసేది ఆ పెళ్లి పత్రమే కదా.

మరి వెంకమ్మే వెంకట లక్ష్మి అని చెప్పేదెలా? అది అనువాదం బయట జరగాల్సిన పని. ఇద్దరూ ఒకరేనని తెలిసిన పెద్దవాళ్లు ఇచ్చే అఫిడవిట్లు, రెండు పేర్లూ కనిపించే పాత కాగితాలు ఉంటే అవి విడిగా జత చేయాలి. లేదంటే రిజిస్ట్రారు దగ్గరే దిద్దించుకోవాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. పాత నమోదును చెరిపేయరు. పక్కన మార్జిన్‌లో సరిదిద్దిన సంగతి రాసి సంతకం, తేదీ వేస్తారు. అలా దిద్దించుకున్న నకలును అనువదించేటప్పుడు ఆ మార్జిన్ రాత కూడా పూర్తిగా అనువాదంలోకి రావాలి.

పాత పత్రాల్లో మరో గడి తరచుగా కనిపిస్తుంది. బిడ్డ పేరు ఉండాల్సిన చోట ఖాళీ, లేదా 'మగ శిశువు' అన్న రెండు మాటలు. పురుడు పోసుకున్న వారంలోనే నమోదు చేయించి, పేరు తర్వాత పెట్టుకున్నారు, మళ్లీ ఆఫీసుకు వెళ్లలేదు. అనువాదంలో ఖాళీని ఖాళీగానే చూపించి 'పేరు రాయలేదు' అని పెట్టాలి. కొడుకు పేరు మనకు తెలుసు కదా అని అందులో నింపేస్తే, మూలంలో లేనిది చేర్చినట్టే. ఆ ఒక్క మాటతో మిగతా పేజీ అంతటి మీదా అనుమానం పడుతుంది.

ఇక ముద్రలు. ముద్ర బొమ్మను అతికించక్కర్లేదు, అది ఎక్కడ ఉందో, అందులో ఏముందో రాస్తే చాలు. 'గుండ్రటి ముద్ర, గ్రామ పంచాయతీ కార్యాలయం, మిగతా అక్షరాలు స్పష్టంగా లేవు' అని చదరపు బ్రాకెట్లలో పెడతారు. ఊరి పేరు మనకు తెలిసినా, ముద్రలో కనిపించకపోతే రాయకూడదు. సంతకం అర్థం కాకపోతే 'సంతకం, చదవడానికి వీల్లేదు' అనాలి. వెనక ఉన్న కోర్టు ఫీ స్టాంపు, దాని విలువ, దాని మీది ముద్ర కూడా ఇదే పద్ధతిలో రావాలి.

తేదీల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇలాంటి కాగితం మీద పుట్టిన తేదీ, నమోదు తేదీ, నకలు ఇచ్చిన తేదీ అని కనీసం మూడు ఉంటాయి. 05-06-1979 అంటే మనకు జూన్ ఐదు, అమెరికాలో మే ఆరు. నెలను అక్షరాల్లో రాస్తే ఈ గొడవ ఉండదు. పత్రంలో రేపల్లె తాలూకా, గుంటూరు జిల్లా అని ఉంటుంది. మండలాలు 1985లో వచ్చాయి. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అయినా అనువాదంలో తాలూకా తాలూకాగానే, గుంటూరు గుంటూరుగానే ఉండాలి.

అనువాదానికి ఇచ్చే ముందు కాగితాన్ని రెండువైపులా స్కాన్ చేయించండి. అనువాదం చేతికొచ్చాక మూలాన్నీ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టుకుని, పేర్లు అక్షరం అక్షరం చూసుకుని, ముద్రలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే అనువాదకుడి సంతకం తీసుకోండి.