24 గంటల దండోరా

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లల సంచుల్లో ఒక జాబితా ఇంటికి చేరుతుంది. లాంగ్ నోట్‌బుక్కులు ఇన్ని, షార్ట్‌వి ఇన్ని, నాలుగు గీతలవి రెండు, అట్టలు వేయడానికి బ్రౌన్ పేపర్, పేర్లు రాసే లేబుళ్లు, ఒక జామెట్రీ బాక్స్. ఆ వెంటనే వచ్చే శని, ఆదివారాల్లో తల్లిదండ్రులు ఆ జాబితా పట్టుకుని బయల్దేరతారు. వాళ్లు పెద్ద సూపర్ మార్కెట్ వైపు వెళ్తారా, ఫోన్లో ఆర్డర్ పెడతారా, వీధి మలుపులోని స్టేషనరీ దుకాణానికే వస్తారా అనేది శుక్రవారం రాత్రికల్లా చాలావరకు తేలిపోతుంది. అందుకే ఇప్పుడు చాలామంది దుకాణదారులు గోడ మీద కాగితం అంటించడంతో ఆగకుండా, వాట్సాప్ స్టేటస్‌లోనో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల్లోనో వరసగా అయిదారు బొమ్మలు పెట్టి రెండు రోజుల ఫ్లాష్ సేల్ ప్రకటిస్తున్నారు.

ఖర్చు లేని ప్రచారమే. కానీ దీనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అవి తెలియకపోతే బొమ్మలు ఎంత అందంగా ఉన్నా కౌంటర్ దగ్గరకు మనిషి రాడు.

ఒక రోజు ఉండి మాయమయ్యే ఈ పద్ధతిని 2013లో స్నాప్‌చాట్ మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్, 2017 ఫిబ్రవరిలో వాట్సాప్ దాన్ని అందుకున్నాయి. మూడింటిలోనూ గడువు 24 గంటలే. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ గడువు వరసకంతటికీ కలిపి ఉండదు, ఒక్కో బొమ్మకు విడివిడిగా నడుస్తుంది. శుక్రవారం రాత్రి 7 గంటలకు పెట్టిన మొదటి బొమ్మ శనివారం రాత్రి 7కు పోతుంది. శనివారం ఉదయం 10కి పెట్టినది ఆదివారం ఉదయం 10 దాకా ఉంటుంది. అంటే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి స్టేటస్ తెరిచిన మనిషికి శుక్రవారం నాటి ప్రకటన అసలు కనిపించదు. అతనికి కథ మధ్యలోంచే మొదలవుతుంది.

వాట్సాప్‌లో ఇంకో పరిమితి ఉంది. చాలామంది దుకాణదారులు దెబ్బతినేది ఇక్కడే. దుకాణం ఫోన్లో కస్టమర్ నంబరు ఉంటే చాలదు, కస్టమర్ ఫోన్లో దుకాణం నంబరు కూడా సేవ్ అయి ఉండాలి. రెండు వైపులా ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకూ ఇదే నియమం. దుకాణం దగ్గర వెయ్యి నంబర్లు ఉండొచ్చు, స్టేటస్ చూసేవాళ్లు మాత్రం 150 మందే కావచ్చు. కాబట్టి జూన్ సేల్‌కు పని ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి. బిల్లు ఇచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకోండి మేడమ్, కొత్త స్టాక్ వస్తే స్టేటస్‌లో పెడతాం" అని ఒక్క మాట చెప్పాలి. జిరాక్స్ కోసం పీడీఎఫ్ పంపే కాలేజీ పిల్లల్లో చాలామంది నంబరు ముందే సేవ్ చేసుకుంటారు, నోట్‌బుక్కులు కొనే తల్లులు చేసుకోరు. అడగాల్సింది వాళ్లనే.

ఇక సేల్‌లో ఏం పెట్టాలి? ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు కాగితం మీద లెక్క వేయాలి. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒక్కోదాని ఎంఆర్‌పీ 75 రూపాయలనీ, హోల్‌సేల్‌లో 50కి వచ్చిందనీ అనుకుందాం. ఆరు పుస్తకాల కట్టకు దుకాణం పెట్టిన సొమ్ము 300, ఎంఆర్‌పీ 450. మామూలు రోజుల్లో ఆ కట్టను 400కు ఇస్తారు, వంద మిగులుతుంది. సేల్‌లో 345కు ఇస్తే మిగిలేది 45. మామూలు వారాంతంలో 20 కట్టలు పోతే 2,000 మిగులుతుంది. సేల్‌లో 60 కట్టలు పోతే 2,700. ఆ అదనపు 700 కోసం రెండు రోజులు ఒళ్లు హూనం చేసుకోవడం దండగే అనిపిస్తుంది. అసలు లాభం నోట్‌బుక్కుల్లో లేదు. కట్ట కోసం వచ్చిన 60 ఇళ్లవాళ్లు మామూలు ధరకే కొనుక్కుపోయే బ్రౌన్ పేపర్, లేబుళ్లు, స్కెచ్ పెన్నులు, పరీక్ష అట్టల్లో ఉంది. కాబట్టి తగ్గింపు పెట్టే వస్తువులు మూడు చాలు. జాబితాలో ప్రతి ఇంటికీ ఉండేది ఒకటి, పిల్లలు చేయి పట్టి లాగేది ఒకటి, తల్లిదండ్రులు మరిచిపోయేది ఒకటి.

నిరుడు మిగిలిన సరుకును ఈ సేల్‌లో వదిలించుకోవాలనే ఆశ సహజం. అంచులు కాస్త పసుపు తిరిగిన నోట్‌బుక్కులైతే ఆ మాట చెప్పి అమ్మవచ్చు. జెల్ పెన్నులు, గమ్ సీసాలు అలా కాదు, అవి ఎండిపోతాయి. ప్రతి పెట్టెలోంచి రెండు పెన్నులు తీసి గీసి చూడాలి. సోమవారం తరగతిలో రాయని పెన్ను ఆ బడిలో దుకాణానికి చెడ్డపేరు తెస్తుంది.

ఇప్పుడు వరస. 2026లో జూన్ 13, 14 తేదీలు శని, ఆదివారాలు. ఆ రెండు రోజుల సేల్‌కు శుక్రవారం సాయంత్రం నాలుగు బొమ్మలు సరిపోతాయి. మొదటి దాంట్లో అసలు నోట్‌బుక్కుల కట్ట ఫోటో ఉండాలి, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ వద్దు. దాని మీద ఇంతే: "శని, ఆది (జూన్ 13, 14). ఉదయం 10 నుంచి రాత్రి 9. 6 లాంగ్ నోట్‌బుక్కులు రూ. 345". 'రేపటి నుంచి సేల్' అని రాయడం చాలామందికి అలవాటు. శుక్రవారం రాత్రి పెట్టిన ఆ మాటను శనివారం మధ్యాహ్నం చదివిన ఇల్లాలు ఆదివారం కదా అనుకుంటుంది, ఆమె వచ్చేసరికి కట్టలు అయిపోతాయి. రోజు పేరు, తేదీ తప్పకుండా ఉండాలి.

రెండో బొమ్మలో మిగతా రెండు వస్తువులు, వాటి ధరలు. మూడోదాంట్లో నిబంధనలు: మొత్తం 60 కట్టలే, ఇంటికి రెండు చొప్పున, ముందు వచ్చినవారికి ముందు. నాలుగోది రోడ్డు మీద నుంచి తీసిన దుకాణం ఫోటో. ఆ ఫోటోలో పక్కనున్న గుడి గోపురమో, టిఫిన్ సెంటర్ బోర్డో కూడా పడాలి. మన ఊళ్లలో డోర్ నంబరు చూసి దుకాణానికి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. ఏ బొమ్మకు ఆ బొమ్మ విడిగా చూసినా ఏ దుకాణం, ఏ రోజు అన్నది తెలియాలి కాబట్టి నాలుగింటి మీదా దుకాణం పేరు, తేదీలు చిన్నగా రాయాలి.

ఒక్కో ఫోటో తెర మీద నిలిచేది కొన్ని సెకన్లే. పది పన్నెండు మాటలకు మించితే చదవలేక వేలు ముందుకు నొక్కేస్తారు. బొమ్మ నిలువుగా, 1080 బై 1920 పిక్సెళ్ల కొలతలో ఉంటే తెరకు సరిగ్గా అమరుతుంది. పైన సుమారు 250, కింద 340 పిక్సెళ్లు ఖాళీగా వదలాలి. ఆ జాగాలో పైన ఖాతా పేరు, కింద జవాబు రాసే పెట్టె వచ్చి కూర్చుంటాయి. ధరను అడుగున రాసి, అది కనపడక కస్టమర్లు "ఎంతండీ?" అని అడుగుతుంటే విసుక్కునే దుకాణదారులు ఉన్నారు. తెలుగు అక్షరాలకు ఇంకో జాగ్రత్త కావాలి. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసలు దగ్గరగా పెడితే పై వరస వత్తు కింది వరస గుడిని తాకి రెండూ చెడతాయి. వరసల మధ్య ఎడం పెంచి, ముదురు రంగు పట్టీ మీద తెల్లని లావు అక్షరాలు వాడితే చత్వారం వచ్చిన కళ్లకు కూడా ఆనుతుంది.

ధర ఎలా చూపాలన్నది మరో చిక్కు. ఎంఆర్‌పీ 450ని కొట్టేసి 345 అని రాస్తే 23 శాతం తగ్గింపులా కనిపిస్తుంది. కానీ ఆ దుకాణంలో కట్ట ఎప్పుడూ 400కే దొరుకుతుంది. కిందటి నెల అక్కడే కొన్నవాళ్లకు ఆ సంగతి తెలుసు. వాళ్ల దృష్టిలో తగ్గింది 55 రూపాయలే, అంటే 14 శాతానికి కాస్త తక్కువ. శాతాలు వదిలేసి "మామూలుగా మా దగ్గర 400, ఈ రెండు రోజులూ 345" అని రాయడమే మేలు. రోజూ మొహం చూసుకునే వీధిలో వ్యాపారం ఈ లెక్క మీదే నిలబడుతుంది.

చట్టం కూడా ఇటే ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల్లో, తక్కువ ధర ఎరగా చూపే ప్రకటనల గురించి ప్రత్యేకంగా ఉంది. చెప్పిన ధరకు అమ్మడానికి తగినంత సరుకు ఉండాలి, పరిమితంగా ఉంటే ఆ మాట స్పష్టంగా చెప్పాలి. 2023 నవంబరులో వచ్చిన మరో మార్గదర్శకాలు లేని తొందరను సృష్టించడాన్ని కూడా తప్పుగా లెక్కించాయి. గోడౌన్‌లో 200 కట్టలు పెట్టుకుని "ఇంకా అయిదే మిగిలాయి" అని రాయడం అలాంటిదే. మూడో బొమ్మలో 60 అని అంకె వేయడం అటు కస్టమర్‌కూ ఇటు దుకాణానికీ రక్ష.

శనివారం పొద్దున తలుపు తీయగానే కొత్త బొమ్మ పడాలి, అందులో ధర, సమయం మళ్లీ ఉండాలి. ఆదివారం పొద్దున పదింటిలోపు చూసేవాళ్లకు ప్రకటన అదే. మధ్యాహ్నం రెండింటికి కట్టలు లెక్కపెట్టి "34 ఉన్నాయి" అని నిజమైన అంకె పెట్టవచ్చు. ఆ సరుకు అయిపోతే ధర ఉన్న ప్రతి బొమ్మనూ వెంటనే తొలగించి, "నోట్‌బుక్ కట్టలు అయిపోయాయి, జామెట్రీ బాక్సులు ఇంకా ఉన్నాయి" అని పెట్టాలి. దాన్ని మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. అయిపోయిన సరుకు గంటల తరబడి స్టేటస్‌లో కనిపిస్తూనే ఉంటుంది, ఎండలో నడిచి వచ్చినవాళ్లు కౌంటర్ ముందు గొడవపడతారు. రద్దీలో యజమానికి ఫోన్ చూసే తీరిక ఉండదు. ఈ ఒక్క పని ఇంట్లో ఎవరికైనా అప్పగించాలి.

బొమ్మలు పనిచేశాయో లేదో ఎలా తెలుస్తుంది? వాట్సాప్‌లో కంటి గుర్తు నొక్కితే ఒక్కో బొమ్మను ఎవరెవరు చూశారో తెలుస్తుంది. బ్లూ టిక్కులు ఆపేసుకున్నవాళ్లు ఆ జాబితాలో కనిపించరు కాబట్టి అసలు సంఖ్య ఇంకొంచెం ఎక్కువే. మొదటి బొమ్మను 160 మంది, రెండోదాన్ని 150, మూడోదాన్ని 70 చూశారనుకుందాం. జనం జారిపోయింది రెండో బొమ్మ దగ్గర. అందులో రాత ఎక్కువైందో, ఆ వస్తువులు ఎవరికీ అక్కర్లేదో చూసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ ఖాతా ఉంటే వెనక్కి నొక్కినవాళ్ల లెక్క కూడా వస్తుంది. ధరల బొమ్మ కోసం వెనక్కి వచ్చారంటే ఆసక్తి ఉందనీ, చదవడానికి సమయం చాలలేదనీ అర్థం.

ఆదివారం సాయంత్రం అయిదింటికి పెట్టే చివరి బొమ్మ, వదిలేస్తే సోమవారం అయిదింటిదాకా ఉంటుంది. రాత్రి 9కి షట్టర్ దించేటప్పుడే దాన్ని తీసేయాలి. అప్పటికే "రెండు కట్టలు పక్కన పెట్టండన్నా, పొద్దున్నే తీసుకుంటా" అని మెసేజ్ పెట్టినవాళ్లు కొందరుంటారు. వాళ్ల పేర్లు చీటీ మీద రాసి కట్టలకు రబ్బరు బ్యాండుతో తగిలించి, సోమవారం మధ్యాహ్నం దాకా అదే 345కు ఇవ్వాలి. ఆ తర్వాత కట్ట ధర మళ్లీ 400.